అలర్జీ ఉందని చెప్పినా అదే మందు ఇచ్చారు: ఫిర్యాదుకు జవాబులో క్షమాపణ ఎలా రాయాలి?

ఫిర్యాదులబల్ల

నేను ఒక ఆసుపత్రిలో రోగుల ఫిర్యాదులు చూసే విభాగంలో పనిచేస్తున్నాను. చేరి ఎనిమిది నెలలైంది. ఇంత బరువైన జవాబు రాయడం ఇదే మొదటిసారి. గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను.

అరవై దాటిన ఒకావిడ కాలికి ఇన్ఫెక్షన్‌తో ఎమర్జెన్సీలో చేరారు. పెన్సిలిన్ పడదని కూతురు అక్కడే చెప్పారు, అడ్మిషన్ ఫారంలో రాసుకున్నారు కూడా. రాత్రి వార్డుకు మార్చారు. 9:40కి అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇంజెక్షన్, 1.2 గ్రాములు, నరానికి ఇచ్చారు. అది పెన్సిలిన్ జాతి మందే. కొద్ది నిమిషాల్లోనే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి అందలేదు. డ్యూటీ డాక్టర్ వెంటనే తొడ కండలోకి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ ఇచ్చి ఐసీయూకి పంపారు. ఒక రాత్రి అక్కడ ఉంచారు. నాలుగో రోజు ఇంటికి వెళ్లారు, ఇప్పుడు కోలుకున్నారు.

కూతురు రాసిన ఫిర్యాదులో మూడు ప్రశ్నలున్నాయి. చెప్పాక కూడా ఆ మందు ఎలా ఇచ్చారు? ఆ రాత్రి అడిగితే “ఒక్కొక్కరి ఒంటికి ఇలా పడదమ్మా” అని ఎందుకన్నారు? రేపు ఇంకొకరికి ఇలా జరగదని ఏమిటి నమ్మకం?

నేను మొదట “మా నిర్లక్ష్యం వల్ల మీ అమ్మగారికి ప్రాణం మీదికి వచ్చింది, క్షమించండి” అని రాశాను. లీగల్ విభాగం అది కొట్టేసి ఇలా రాసి పంపింది: “మా ఆసుపత్రిలో మీకు ఏదైనా అసౌకర్యం కలిగినట్లు మీరు భావిస్తే అందుకు చింతిస్తున్నాము. విషయం పరిశీలనలో ఉన్నది. ఈ లేఖ ఏ విధమైన బాధ్యతను అంగీకరించినట్లు కాదు.”

ఇది పంపడానికి నాకు మనసు ఒప్పడం లేదు. నాది పంపడానికి వాళ్లు ఒప్పుకోవడం లేదు. రెండిటికీ మధ్య దారి ఉందా?

పెద్దకొడుకు

అమ్మగారికి ఇప్పుడు ఎలా ఉందండీ? ముందు మీరు కేస్ షీటు, మందుల చార్టు కాపీలు రాతపూర్వకంగా అడగండి. ఆ రాత్రి ఎవరు ఏమన్నారో మర్చిపోకముందే రాసి పెట్టుకోండి. ఆసుపత్రి వాళ్లు పంపే కాగితం మీద తొందరపడి సంతకం పెట్టకండి.

ఫిర్యాదులబల్ల

పెద్దకొడుకు గారూ, నేను రోగి తరఫు మనిషిని కాదండీ, ఆసుపత్రిలో జవాబు రాయాల్సిన మనిషిని. అయినా మీరు చెప్పింది బాగుంది. ఆవిడ కాపీలు అడిగేలోపే ఆ విషయం మా జవాబులోనే రాస్తాను.

సాక్ష్యం

లీగల్ వాళ్లు చెప్పిందే సరైనది. నేను న్యాయవాద వృత్తిలో ఉన్నాను. “క్షమించండి” అన్న మాట కాగితం మీద పడిందంటే తప్పు ఒప్పుకున్నట్టే. రేపు కేసు వేస్తే అవతలి లాయరు మొదట చూపించేది ఆ కాగితమే. “చింతిస్తున్నాము” దాటి ఒక్క మాట కూడా వద్దు. వీలైతే అసలు రాయకండి, ఫోన్‌లో మాట్లాడండి.

పాతఫైళ్లు

సాక్ష్యం గారు చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. ఈ పనిలో నాకు చాలా ఏళ్లు గడిచాయి. ఫిర్యాదులకు జవాబులు రాశాను, ఇప్పుడు ఇలాంటి ఘటనలపై సమీక్షలు నడుపుతున్నాను.

క్షమాపణ చెప్పడం ఒకటి, నష్టానికి చట్టపరంగా బాధ్యత ఒప్పుకోవడం మరొకటి. ఇంగ్లండ్‌లో 2006 నాటి కాంపెన్సేషన్ యాక్ట్ రెండో సెక్షన్ ఈ మాట సూటిగా చెబుతుంది: క్షమాపణ చెప్పినంత మాత్రాన నిర్లక్ష్యాన్ని ఒప్పుకున్నట్టు కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కూడా అదే ఏడాది క్షమాపణ మీద చట్టం చేసింది. అమెరికాలో మసాచుసెట్స్ 1986లోనే ఆ దారి పట్టింది. అయితే అమెరికాలో చాలా రాష్ట్రాల చట్టాలు సానుభూతి మాటకే రక్షణ ఇస్తాయి, “తప్పు మాదే” అన్న మాటకు ఇవ్వవు. ఇలాంటి చట్టమే లేని చోట్ల మీ ఉత్తరాన్ని సాక్ష్యంగా చూపించవచ్చు. సాక్ష్యం గారి భయం అంతవరకు న్యాయమే. కానీ అక్కడ కూడా నిర్లక్ష్యం జరిగిందా లేదా అన్నది తేల్చేది ఉత్తరంలోని ఒక మాట కాదు. రికార్డులు, నిపుణుల అభిప్రాయం, ఆ స్థితిలో మామూలుగా తీసుకోవాల్సిన జాగ్రత్త, దానికీ జరిగిన హానికీ సంబంధం, ఇవన్నీ చూస్తారు.

అందుకని నేను ఒక గీత గీసుకుంటాను. జరిగింది చెప్పు, తీర్పు చెప్పకు. “9:40కి ఫలానా ఇంజెక్షన్ ఇచ్చారు. పెన్సిలిన్ పడదని మీరు చెప్పిన సంగతి అడ్మిషన్ ఫారంలో ఉంది.” ఈ రెండూ రికార్డులో ఉన్నవే. రేపు కోర్టు అడిగినా ఆ కాగితాలే ఇస్తారు, దాచడం వల్ల మిగిలేది అనుమానం ఒక్కటే. “మా నిర్లక్ష్యం వల్ల” అన్నది తీర్పు. ఆ తీర్పు ఇచ్చే అధికారం మీకూ లేదు, నాకూ లేదు. సమీక్ష కూడా పూర్తి కాలేదు కనుక అది నిజమో కాదో మీకు ఇంకా తెలియదు. అంటే మీరు మొదట రాసింది లీగల్‌గా ప్రమాదమే కాదు, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం కూడా.

లీగల్ వాళ్లు రాసిన దాంట్లో చెడ్డది చివరి వాక్యం అని అందరూ అనుకుంటారు. నాకు మాత్రం మొదటి వాక్యమే చెడ్డది. “కలిగినట్లు మీరు భావిస్తే” అన్నప్పుడు జరిగినదాన్ని ఆవిడ మనసులోకి తోసేస్తున్నారు. ఐసీయూలో ఒక రాత్రి గడపడం భావన కాదు. “అసౌకర్యం” అన్నది బండి ఆలస్యమైనప్పుడు మైకులో చెప్పే మాట. ఊపిరి అందక తల్లి గిలగిలలాడటం కళ్లారా చూసిన కూతురికి ఆ మాట పంపకూడదు.

ఇక సాక్ష్యం గారూ, ఫోన్‌లో మాట్లాడమన్నది మంచిదే, కానీ కాగితానికి బదులుగా కాదు. ముందు ఫోను, తర్వాత కాగితం. ఫోన్‌లో చెప్పినదానికీ కాగితంలో రాసినదానికీ తేడా ఉంటే ఆవిడ ఇట్టే పట్టుకుంటారు.

సాక్ష్యం

చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయన్నది ఒప్పుకుంటాను. కానీ ఒక విషయం మీరు వదిలేశారు. బీమా. ఆసుపత్రులకు, డాక్టర్లకు ఉండే వృత్తిపరమైన బీమా పాలసీల్లో, బీమా కంపెనీ అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకోకూడదని షరతు సాధారణంగా ఉంటుంది. అది మీరితే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు. లీగల్ వాళ్ల భయం కోర్టు కంటే ఎక్కువగా ఇదే అయ్యుంటుంది.

పాతఫైళ్లు

నిజం, నేను చెప్పాల్సింది. ఉత్తరం వెళ్లకముందే ఘటన గురించి బీమా కంపెనీకి తెలియజేయాలి. చిత్తుప్రతి వాళ్లు చూస్తామంటే చూపించాలి. ఆ షరతు అడ్డుకునేది బాధ్యత ఒప్పుకోవడాన్ని. జరిగింది చెప్పడాన్ని, మన్నించమని అడగడాన్ని అడ్డుకుంటుందని ఎవరైనా అంటే పాలసీలో ఆ వాక్యం చూపించమనండి. ఫిర్యాదులబల్ల గారూ, మీ లీగల్ విభాగాన్ని కూడా ఇలాగే అడగండి: “ఈ ఉత్తరంలో ఏ పదం మీకు ఇబ్బంది?” ఉత్తరం మొత్తం మార్చమంటే వాదన తెగదు. పదం చూపించమంటే తెగుతుంది.

పెద్దకొడుకు

పొరబడినందుకు మన్నించండి. అయితే నేను అవతలి ఒడ్డు నుంచి ఒక మాట చెబుతాను. మా నాన్నగారు ఆసుపత్రి మంచం మీద నుంచి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. బెల్ నొక్కినా ఎవరూ రాలేదని ఆయన అన్నారు. నేను రెండు పేజీల ఉత్తరం రాస్తే నాలుగు వాక్యాల జవాబు వచ్చింది. అందులో మా నాన్న ఊసే లేదు, “రోగి” అని ఉంది. బెల్ అన్న మాట ఎక్కడా లేదు.

ఆ ఉత్తరం చదివేదాకా నాకు కేసు వేసే ఉద్దేశం లేదు. చదివిన రోజే ఒక లాయరును కలిశాను. డబ్బు కోసం కాదు. ఆ బెల్ మోగిందా లేదా అన్నది ఎవరో ఒకరు చెప్పేలా చేయాలని. అది కేసులోనే తెలిసింది. ఆ మంచం దగ్గర బెల్ పనిచేయడం లేదని ముందు రోజే ఎవరో రాసి పెట్టారట.

ఆవిడ ఏం అడిగారో ఆ మూడు ప్రశ్నలు మీ ఉత్తరంలో కనిపించాలి. ఆవిడ వెతికేది వాటినే.

రాత్రిడ్యూటీ

నేను నర్సును. ఫిర్యాదులబల్ల గారికి ఒక విన్నపం. దయచేసి “సంబంధిత నర్సుపై చర్య తీసుకున్నాము” అని రాయకండి. ఇలాంటి ఉత్తరాల్లో ఆ వాక్యం చూశాను. ఒకసారి ఆ “సంబంధిత నర్సు” నేనే.

నాదీ మందు పొరపాటే. రోగికి ఏమీ కాలేదు, కానీ ఆ రోజు చేతులు వణికింది ఇప్పటికీ గుర్తుంది. ఉత్తరం నా పేరు చెప్పలేదు, కానీ వార్డులో అందరికీ తెలుసు. అసలు విచారణ మొదలవక ముందే ఆ వాక్యం వెళ్లిపోయింది. తర్వాత నన్ను ప్రశ్నలడగడానికి వచ్చినప్పుడు నేను నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఒకే రంగు మూతతో రెండు సీసాలు ఒకే అరలో ఉన్నాయని చెప్పేదాన్ని.

ఇంకో మాట. “ఒక్కొక్కరి ఒంటికి ఇలా పడదమ్మా” అన్న మనిషి అబద్ధమాడాలని అని ఉండకపోవచ్చు. ఆ రాత్రి ఫారం సంగతి ఆ మనిషికి తెలిసి ఉండకపోవచ్చు కూడా.

పాతఫైళ్లు

రాత్రిడ్యూటీ గారూ, ఇది చెప్పినందుకు ధన్యవాదాలు. సమీక్ష పూర్తికాకుండా ఆ వాక్యం రాయడమంటే కారణం తెలిసిపోయిందని చెప్పడమే. పైగా మనుషుల మీద నింద వేసి కాపాడుకున్నట్టు కనిపిస్తుంది గానీ, చట్టం దృష్టిలో ఉద్యోగి చేసినదానికి సాధారణంగా సంస్థే జవాబుదారీ. ఆ వాక్యం ఆసుపత్రిని కూడా కాపాడదు.

మందులగది

ఫార్మసీ వైపు నుంచి అడుగుతున్నాను. ఎమర్జెన్సీ ఫారంలో ఉన్న అలర్జీ వార్డు చార్టులోకి ఎందుకు రాలేదు? మీ దగ్గర కంప్యూటర్ సిస్టం ఉంటే, అలర్జీని దానికి కేటాయించిన గడిలో ఎంచుకున్నారా, లేక కింద రిమార్కుల్లో టైప్ చేశారా చూడండి. రిమార్కుల్లో “పెన్సిలిన్ పడదు” అని రాస్తే మనిషి చదవగలడు గానీ సిస్టం హెచ్చరిక ఇవ్వదు. నేను చూసిన వాటిలో ఇది మళ్లీ మళ్లీ వచ్చేది. పైగా పెట్టె మీద కంపెనీ పెట్టిన పేరే పెద్దగా ఉంటుంది, అందులో పెన్సిలిన్ అన్న మాట కనిపించదు.

ఫిర్యాదులబల్ల

మందులగది గారూ, ఇప్పుడే చూసి వచ్చాను. రిమార్కుల్లోనే ఉంది. వార్డు చార్టులో అలర్జీ గడి ఖాళీ. “ఏమీ లేవు” అని కూడా రాయలేదు, ఉత్త ఖాళీ. బదిలీ అయిన సమయం, షిఫ్టు మారే సమయం దాదాపు ఒకటే.

ఇదంతా ఉత్తరంలో రాసెయ్యాలా? ఆవిడ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే కదా.

పాతఫైళ్లు

కంగారు పడకండి. మీకు తెలిసింది రెండు రకాలుగా ఉంది. గడి ఖాళీగా ఉందన్నది కంటికి కనిపించే విషయం, రాయవచ్చు. “రిమార్కుల్లో రాయడం వల్ల హెచ్చరిక రాలేదు, అందువల్లే ఇంజెక్షన్ ఇచ్చారు” అన్నది మీ ఊహ. చాలా వరకు నిజమే కావచ్చు. కానీ మందు రాసిన డాక్టర్ హెచ్చరిక చూసి దాటేశారేమో, చేతికి అలర్జీ బ్యాండ్ వేశారో లేదో, సూది వేసే ముందు నోటితో అడిగారో లేదో మీకు తెలియదు. ఊహను కారణంగా రాసి, నెల తర్వాత సమీక్ష ఇంకోటి చెబితే, ఆవిడ దేన్నీ నమ్మరు. అప్పుడు కోర్టులో మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెడతారు.

ఈ లోపు ఒక పని చేయండి. ఆ రోజు మందుల చార్టు, ఫార్మసీ నుంచి మందు వెళ్లిన లాగ్, సిస్టంలో ఎవరు ఎప్పుడు ఏం తెరిచారో చెప్పే లాగ్, డ్యూటీ పట్టిక, అన్నీ ఈరోజే కాపీ తీసి భద్రం చేయించండి. ఆ గడిని ఇప్పుడు ఎవరైనా నింపితే అంతకన్నా ఘోరం ఉండదు. రికార్డులో ఏదైనా చేర్చాల్సి వస్తే ఈరోజు తేదీ, సమయం, సంతకంతో విడిగా చేర్చాలి. ఫిర్యాదు ఉత్తరాలను మాత్రం ఆవిడ కేస్ షీటులో పెట్టకండి, వేరే ఫైలు తెరవండి.

ఇంకొకటి. ఫిర్యాదు కూతురు రాశారు, రోగి తల్లి. తల్లి స్పృహలో ఉన్న పెద్ద మనిషి. ఆవిడ రాతపూర్వక అనుమతి లేకుండా చికిత్స వివరాలు కూతురికి రాయవచ్చా?

ఫిర్యాదులబల్ల

అయ్యో, ఈ సంగతి నాకు తట్టనే లేదు. లీగల్ వాళ్లకీ తట్టలేదు. అయితే ఉత్తరం ఆగిపోతుందా?

పాతఫైళ్లు

ఆగక్కర్లేదు. రెండు ఉత్తరాలు చేయండి. ఫిర్యాదు అందిందని, మనిషి పేరు, ఫోను నంబరు ఇస్తూ చిన్న ఉత్తరం మూడు పనిదినాల్లోపు పంపండి. అనుమతి పత్రం దాంతో జతచేయండి. అందులోనూ క్షమాపణ ఉండవచ్చు, చికిత్స వివరం ఉండకూడదు. సంతకం రాగానే అసలు ఉత్తరం.

ఫిర్యాదులబల్ల

మొదటిది నిన్న ఫోన్‌లో మాట్లాడి పంపేశాను. అమ్మగారి సంతకం ఈరోజే వచ్చింది. అసలు ఉత్తరం ఇలా రాశాను, మొహమాటం లేకుండా చెప్పండి.

“అమ్మా, ఆ రాత్రి మీ అమ్మగారికి ఊపిరి అందక ఐసీయూకి తరలించాల్సి వచ్చినందుకు, అది మీరు దగ్గరుండి చూడాల్సి వచ్చినందుకు మమ్మల్ని మన్నించమని అడుగుతున్నాము. తర్వాత మీరు అడిగినప్పుడు మీకు సరైన జవాబు దొరకలేదు. అందుకు కూడా మన్నించండి.

ఇప్పటివరకు రికార్డుల్లో మేము చూసినది ఇది. పెన్సిలిన్ పడదని మీరు చెప్పిన విషయం అడ్మిషన్ ఫారంలో ఉంది. వార్డు మందుల చార్టులో అలర్జీ గడి ఖాళీగా ఉంది. రాత్రి 9:40కి పెన్సిలిన్ జాతికి చెందిన ఇంజెక్షన్ ఇచ్చారు. ఒక చోట ఉన్న విషయం రెండో చోటికి ఎందుకు చేరలేదో, సూది వేసే ముందు జరగాల్సిన పరిశీలనలు జరిగాయో లేదో మాకు ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే సమీక్ష చేస్తున్నాము.

ఆ వార్డుతో సంబంధం లేని ఒక డాక్టరు, ఒక సీనియర్ నర్సు, ఒక ఫార్మసిస్టు ఈ సమీక్ష చేస్తారు. రికార్డులు, సిస్టం లాగ్‌లు చూస్తారు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవారితో మాట్లాడతారు. మీతో, మీ అమ్మగారితో కూడా మాట్లాడాలనుకుంటున్నారు. మీరు చెప్పాల్సినది, అడగాల్సినది ఏమున్నా సమీక్షలో చేరుస్తారు. మీ మూడు ప్రశ్నలనూ మీ మాటల్లోనే వారికి ఇచ్చాము. 30 రోజుల్లో, ఏం తేలిందో, ఏం మారుస్తున్నామో మిమ్మల్ని కలిసి చెప్పి, రాసి ఇస్తాము. ఆలస్యమయ్యేట్టుంటే గడువు దాటకముందే నేనే ఫోన్ చేసి కారణం చెబుతాను.

సమీక్ష అయ్యేదాకా ఆగకుండా ఒక మార్పు చేశాము. వార్డులో అలర్జీ గడి ఖాళీగా ఉంటే మొదటి మందు ఇవ్వకుండా ఆగి, రోగిని గానీ దగ్గరివారిని గానీ అడుగుతున్నారు. మీ అమ్మగారి రికార్డుల కాపీలు కావాలంటే నాకు చెప్పండి, నేనే తెప్పిస్తాను.”

చివర్లో లీగల్ వాళ్ల వాక్యం పెట్టాలా వద్దా?

పాతఫైళ్లు

బాగుంది. రెండు మార్పులు చెబుతాను. “సరైన జవాబు దొరకలేదు” అన్నది ఎవరూ లేని వాక్యం. “మేము మీకు సరైన జవాబు ఇవ్వలేదు” అనండి. ఆ రాత్రి సంభాషణ గురించి కూతురు చెప్పింది కాదనడానికి మీ దగ్గర ఏమీ లేదు, అది చట్టపరమైన బాధ్యత విషయమూ కాదు. అక్కడ “మేము” అనడానికి భయం అక్కర్లేదు.

రెండోది, “ఏం తేలిందో రాసి ఇస్తాము” అన్నారు. సమీక్ష నివేదిక మొత్తం ఇస్తారా, సారాంశం ఇస్తారా? కొన్నిచోట్ల సమీక్షలో సిబ్బంది చెప్పిన మాటలకు గోప్యత ఉంటుంది. ఇవ్వలేనిది ముందే ఇవ్వలేమని చెప్పండి. “తేలిన విషయాల సారాంశం ఇస్తాము” అంటే అది నిలబెట్టుకోగలిగిన మాట.

చివరి వాక్యానికి వస్తే, ఈ ఉత్తరంలో ఒప్పుకోలు ఏదీ లేదు కనుక, లేదని చెప్పే వాక్యం కూడా అక్కర్లేదు. తప్పదంటే ఉత్తరం అడుగున, క్షమాపణకు దూరంగా, “చట్టపరమైన బాధ్యత విషయం ఈ సమీక్ష పరిధిలోకి రాదు, మీకున్న ఏ హక్కుకూ ఈ ఉత్తరం అడ్డు కాదు” అని రాయండి. రెండు వైపులా నిజం చెప్పినట్టవుతుంది.

సాక్ష్యం

ఆ చివరి వాక్యం నేను కూడా సంతకం పెట్టగలను. కానీ “మన్నించమని అడుగుతున్నాము” అన్నచోట నాకు ఇంకా బెరుకు ఉంది. “మన్నించండి” అంటే తప్పు చేసినవాడు అనే మాట.

పెద్దకొడుకు

అది లేకపోతే మిగతాదంతా నాలాంటివాడికి రిపోర్టులా ఉంటుందండీ.

రాత్రిడ్యూటీ

ఆ రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఉత్తరం వెళ్లకముందే ఒకసారి చదివి వినిపించండి. ఇలాంటిది వాళ్లు బయటివాళ్ల నోట వినకూడదు.

ఫిర్యాదులబల్ల

ఉత్తరం ఈరోజు మధ్యాహ్నం వెళ్లింది. పాతఫైళ్లు గారు చెప్పినట్టే లీగల్ వాళ్లను పదం చూపించమని అడిగాను. ఒక్క “సరైన” దగ్గర ఆగారు. చివరికి “మేము మీకు అవసరమైన వివరం చెప్పలేదు” అని పెట్టాము. “మన్నించమని” ఉంచారు. బీమా కంపెనీ చిత్తుప్రతి చూసి అభ్యంతరం లేదంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న ఇద్దరికీ నేనే చదివి వినిపించాను.

ఒకటి మాత్రం తేలలేదు. ఐసీయూ రాత్రికి అయిన ఖర్చు బిల్లులో ఉంది. అది వసూలు చేయకూడదని నా అభిప్రాయం. తీసేస్తే బాధ్యత ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని బీమా వాళ్లు ఆలోచిస్తున్నారు. ఎవరైనా ఇది చేశారా?

పాతఫైళ్లు

చేశాను, రెండు విధాలుగానూ. సమీక్ష అయ్యేదాకా ఆ మొత్తాన్ని అడగకుండా నిలిపివేయడం తేలిక, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. పూర్తిగా తీసేయడం మీ పాలసీ మీద ఆధారపడి ఉంటుంది. తీసేస్తే మాత్రం దానికి బదులుగా ఫిర్యాదు వెనక్కి తీసుకోమని గానీ, ఎవరికీ చెప్పొద్దని గానీ అడగకండి. ఈలోగా బిల్లింగ్ వాళ్లు ఆ ఇంటికి బాకీ గుర్తుచేస్తూ ఫోన్ చేయకుండా ఈరోజే చెప్పి పెట్టండి. ఉత్తరం చదువుతుండగా ఆ ఫోన్ వెళ్లిన సందర్భం నా చేతుల్లోనే ఒకటుంది.

ఫిర్యాదులబల్ల

ఇప్పుడే బిల్లింగ్‌కి వెళ్తున్నాను.